మందు పుట్టిన దేశం

రాజోలు మెయిన్ రోడ్డు మీద మా ఇంటి ముందుగదిలో చాలాకాలం నా కొబ్బరికాయల వ్యాపారం నడిచింది. మోకాళ్లు మొరాయించాక వ్యాపారం చాలించుకుని ఆ గదిని మందుల షాపుకి అద్దెకిచ్చాను. షాపు పెట్టిన అమ్మాయి పేరు బిందు. ఆ అమ్మాయి సంగతి నేను రాయాల్సిన అవసరం లేదు, కానీ ఊళ్లో తలా ఒక మాట అంటున్నారు. అంత చదువుకుంది కదా, ఆమాత్రం తెలుసుకోలేకపోయిందా అంటున్నారు. గట్టు మీద కూర్చున్నవాడికి ఈత ఎప్పుడూ సులువే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నేను ఆ గది గుమ్మం పక్కనే కుర్చీ వేసుకుని అన్నీ చూసినవాణ్ణి కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

బిందు ఫార్మసీ చదివి హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో పనిచేసింది. అక్కడ మందులు తయారుచేసే పని కాదు తనది. మందుబిళ్లల స్ట్రిప్ మీద, అట్టపెట్టె మీద అచ్చయ్యే అక్షరాలను సరిచూసే పని. వాళ్ల కంపెనీ సరుకు చాలా దేశాలకు వెళ్లేదట. ఒక్కో దేశానికి ఒక్కో రకం రిజిస్ట్రేషన్ నెంబరు. ఆ నెంబరు లేకుండా ఆ దేశంలో మందు అమ్మకూడదు. ఒక్క అంకె తప్పు పడినా ఓడెక్కాల్సిన సరుకంతా ఆగిపోతుంది. అలా నాలుగేళ్లు భూతద్దం పెట్టుకుని అంకెలు చూసిందా పిల్ల. తరవాత ఎలీషాని పెళ్లి చేసుకుంది. ఎలీషాది రాజోలే, ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ఆపరేటరు. వాళ్లమ్మ అమ్మాజీ తుంటి ఎముక విరిగి మంచాన పడితే, చూసేవాళ్లు లేరని బిందు ఉద్యోగం మానుకుని ఇక్కడికి వచ్చేసింది.

మా వైపు ఇంటికొకరు కాకపోయినా వీధికి నలుగురైనా కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లుంటారు. సెలవుకి వచ్చినప్పుడు పెట్టెలో సబ్బులు, సెంట్లతోపాటు మందుబిళ్లలు కూడా తెస్తారు. అవి అయిపోగానే ఖాళీ స్ట్రిప్ పట్టుకుని బిందు దగ్గరికి వచ్చేవారు. ఇలాంటిదే కావాలి, మన మందులు పనిచెయ్యవు, అక్కడివైతే ఒక్క పూటలో నొప్పి లాగేస్తాయి అనేవారు. బిందు ఆ స్ట్రిప్‌ని వెలుతురుకి పెట్టి చూసి నవ్వేది. ధర అచ్చు వెయ్యలేదు, అరబ్బీ అక్షరాలున్నాయి, అక్కడి రిజిస్ట్రేషన్ నెంబరుంది, కాబట్టి అమ్మింది అక్కడే. కానీ కింద లైసెన్సు కోడ్‌లో పక్క రాష్ట్రం పేరు పొడి అక్షరాల్లో ఉంది చూడండి, ఇది తయారైంది హైదరాబాదు పక్కన అని చూపించేది. ఫారిన్ మందు అని బీరువాలో దాచుకున్నావిడ మొహం చూడాలి అప్పుడు. నేను కుర్చీలోంచే, అంత దూరం వెళ్లి చూసొచ్చిన పెళ్లికూతురు పక్కింటి పిల్లేనన్నమాట అనేవాణ్ణి. బిందు నన్ను కోప్పడేది.

ఒకసారి బ్యాచ్ నెంబరు బట్టి దేశం చెప్పేస్తావా అని అడిగాను. బ్యాచ్ నెంబరుతో దేశం తెలియదంది. అది కంపెనీ తన సరుకుకి తాను పెట్టుకున్న గుర్తు. ఆ బ్యాచ్ ఎప్పుడు చేశారో, ఎక్కడికి పంపారో కంపెనీవాళ్లు చూసి చెప్పాలి తప్ప బయటివాళ్లకి అది అంకెల మూటే. మాట్లాడేది రిజిస్ట్రేషన్ నెంబరు. మలేషియాదైతే మొదట ఆ దేశం పేరులో మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయట. వియత్నాంవాళ్లు సొంత దేశంలో చేసినదానికి ఒక రకం అక్షరాలు, బయటినుంచి తెచ్చినదానికి ఇంకో రకం పెట్టేవారట. ఈ సంగతులన్నీ ఎలీషాకి కూడా కంఠతా వచ్చు. సాయంత్రం షాపు మూసేముందు వచ్చి, ఎవరైనా వదిలేసిన స్ట్రిప్ ఉంటే తీసి, నెంబరు పైకి చదివి, ఎక్కడిదో చెప్పు చూద్దాం అని భార్యని పరీక్షించేవాడు. ఒక్కసారీ ఓడింది లేదు. అతను గర్వంగా నావైపు చూసేవాడు. మా ఇంట్లో మాత్రం భార్య గెలిస్తే గర్వపడిన మగాడు లేడు, నాతో కలిపి.

పిల్లలు చాలక ఎలీషా పనిచేసే కాలేజీ మూతపడింది. ఎలీషా ఏడాదిపాటు ఖాళీగా ఉన్నాడు. భార్య షాపులో కూర్చుంటే తను ఇంట్లో తల్లికి వండిపెట్టడం అతనికి నామోషీ కాదు, కానీ జనం వదలరు కదా. ఆ సమయంలో అమలాపురం నుంచి నాగసతీష్ అనే ఏజెంటు తగిలాడు. బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగం, వెళ్లగానే వర్క్ వీసా, భోజనం గది వాళ్లవే అన్నాడు. బిందు ఎన్నో ప్రశ్నలు వేసింది. వాడు ప్రతిదానికీ నవ్వుతూ సమాధానం చెప్పాడు. నవ్వుతూ చెప్పేవాడి దగ్గర పర్సు జాగ్రత్త అని మా నాన్న అనేవాడు. ఇక్కడ పోయింది పర్సు కాదు.

ఎలీషా బ్యాంకాక్‌లో దిగాక ఫోన్ చేశాడు. కారులో ఆఫీసుకి తీసుకెళ్తున్నారన్నాడు. ఆ తరవాత ఫోన్లు తగ్గిపోయాయి. చేసినా రెండు ముక్కలే, పక్కన ఎవరో ఉన్నట్టు. బాగున్నాను, బ్యాంకాక్‌లోనే ఉన్నాను, అమ్మ ఎలా ఉంది. బిందు ఏమడిగినా ఈ మూడు ముక్కలే తిప్పితిప్పి చెప్పేవాడు. కొన్నాళ్లకి అతని ఫోన్ పూర్తిగా మూగబోయింది. నాగసతీష్ కూడా గది ఖాళీ చేసి పోయాడు.

అప్పటికే పేపర్లలో వస్తోంది. ఇలా ఉద్యోగాలని పిలిచి, బ్యాంకాక్‌లో దింపి, కార్లలో సరిహద్దు దాకా తీసుకెళ్లి, రాత్రిపూట ఏరు దాటించి బర్మాలో పెడుతున్నారని, అక్కడ గోడల మధ్య కూర్చోబెట్టి ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయిస్తున్నారని. ఆ పేపరు నేనే బిందుకి ఇచ్చాను. చదివి పక్కన పెట్టి, రెండు ఫిర్యాదులు తయారుచేసింది. ఒకటి థాయిలాండ్‌లో మన రాయబార కార్యాలయానికి, రెండోది బర్మాలో ఉన్నదానికి. పాస్‌పోర్టు కాపీ, ఫొటో, అన్నీ జతచేసి పెట్టుకుంది. మర్నాడు పంపుదామనుకుంది.

ఆ సాయంత్రమే ఎవరిదో నెంబరు నుంచి ఆమె ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. మందుబిళ్లల స్ట్రిప్, వెనకవైపు. దాని కింద ఎలీషా మాట. "జ్వరంగా ఉంది. ఇది ఇచ్చేరు. వేసుకోవచ్చా? నువ్వు చూసి చెప్పు."

 బిందు ఫొటో పెద్దది చేసి చూసింది. మందు పేరు ఇంగ్లీషులో కూడా ఉంది, పారాసెటమాలే. వేసుకోండి, ఆరుగంటలకొకటి, నీళ్లు బాగా తాగండి, ఎక్కడున్నారు అని టైపు చేసింది. చేరినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. ఆ నెంబరుకి కాల్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంకో అరగంటకి ఆ ఫోన్ కూడా అందకుండా పోయింది.

అప్పుడు కుర్చీలో కూర్చుని మళ్లీ ఆ ఫొటో తీసింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె మొహం తేరుకున్నట్టు కనిపించింది. నన్ను పిలిచి చూపించింది. రిజిస్ట్రేషన్ నెంబరు ఒకటి అంకెతో, దాని పక్కన ఇంగ్లీషు 'ఏ' అక్షరంతో మొదలైంది. థాయిలాండ్ పద్ధతి అది. ఒకటి అంటే బిళ్లలో ఒకే మందు ఉందని. 'ఏ' అంటే ఆ దేశంలోనే తయారైందని. బయటినుంచి తెచ్చినదైతే అక్కడ 'సి' అని ఉండేది. చివర గీత తరవాత నలభై ఏడు ఉంటే, నలభై ఏడేమిటి, మనకి స్వాతంత్ర్యం వచ్చినప్పటిదా అన్నాను. నలభై ఏడంటే వాళ్ల బౌద్ధ శకంలో రెండువేల అయిదువందల నలభై ఏడు, అది మన లెక్క కంటే అయిదువందల నలభైమూడేళ్లు ముందుంటుంది, కాబట్టి ఇది రెండువేల నాలుగులో రిజిస్టరైన మందు అని చెప్పింది. తయారీ తేదీ చూస్తే రెండు నెలల కిందటిది. కొత్త సరుకు.

"ఈయన థాయిలాండ్‌లోనే ఉన్నారు బాబాయిగారూ. మందు అక్కడిదే, రెండు నెలల్లో ఎక్కడికి పోద్దండీ. ఫోన్ నెంబరు కూడా ఆ దేశందేనండి" అంది.

అన్ని రోజుల తరవాత ఆ పిల్ల మొహంలో కాస్త రక్తం కనిపించింది. వాళ్ల కంపెనీలో నేర్చుకున్న పాఠం అది. ఏ దేశం నెంబరు వేసిన పెట్టె ఆ దేశానికే వెళ్లాలి, పక్క దేశంలో అమ్మడం నేరం. నాలుగేళ్లు ఆ నియమాన్ని కాపలా కాసింది. నియమం కాగితం మీద ఉంటుందని, ఏటికి అవతలి గట్టు మీద ఉండదని ఎవరూ నేర్పలేదు. అమ్మాజీకి ఆ రోజే చెప్పింది, మీ అబ్బాయి థాయిలాండ్‌లోనే ఉన్నాడత్తయ్యా, బర్మా కాదు, భయం లేదు అని. ఆవిడ మంచం మీదే చేతులెత్తి దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

మర్నాడు థాయిలాండ్ ఫిర్యాదు ఒక్కటే పంపింది, రెండోది పంపలేదు. ఇదీ పంపేస్తే పోలా అన్నాను నేను. "రెండు దేశాల పేర్లు రాస్తే, మీకే తెలీదు కదా అని రెండూ పక్కన పెట్టేస్తారండి" అంది. ఆఫీసుల సంగతి తెలిసినవాడిగా అది సబబే అనిపించింది నాకు కూడా.

బ్యాంకాక్ నుంచి మనవాళ్లు జవాబిచ్చారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. అక్కడి రికార్డు తీయించి చూశారట. ఎలీషా విమానంలో దిగినట్టు ఉంది, దేశం దాటి వెళ్లినట్టు లేదు. ఏరు దాటేవాడికి ముద్ర ఎవరు వేస్తారు? ఆ ముక్క మాకెవరికీ తట్టలేదు. ఉన్నాడు, ఆ దేశంలోనే ఉన్నాడు, రికార్డు కూడా అదే చెబుతోంది అని ఇంకా గట్టిపడ్డాం. ఆసుపత్రులు వెతికారు, జైళ్లు వెతికారు. బిందు రోజూ ఉదయం షాపు తీయగానే వాళ్లకి ఫోన్ చేసేది. జ్వరం తగ్గిందో లేదోనని నాతో అనేది. అది ఆ పిల్లకి పట్టుకుంది. ఎవరైనా జ్వరానికి మందడిగితే ఎన్నో రోజు అని, ఒంటి మీద మచ్చలున్నాయా అని, ప్లేట్‌లెట్లు చూపించారా అని గుచ్చిగుచ్చి అడిగి పంపేది.

నెలలు గడిచాయి. ఒకరోజు మామిడికుదురు కుర్రాడు గోపీకృష్ణ ఇంటికొచ్చాడని తెలిసింది. అతన్నీ నాగసతీషే పంపాడు. బర్మా నుంచి విడిపించి మన ప్రభుత్వం విమానంలో తెచ్చినవాళ్లలో అతనొకడు. బిందు ఆటో మాట్లాడింది, తోడుగా నన్ను రమ్మంది. ఆమె అడగాలనుకున్నది ఒక్కటే, బ్యాంకాక్‌లో ఎలీషాని ఎక్కడైనా చూశావా అని.

గోపీకృష్ణ బాగా చిక్కిపోయి ఉన్నాడు. ఎడమచేతి వేళ్లు సరిగా ముడుచుకోవడం లేదు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. బిందు తన పేరు చెప్పగానే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎలీషా అన్నయ్యదీ తనదీ ఒకే గదని చెప్పాడు. ఆ గది థాయిలాండ్‌లో కాదు. ఏటికి అవతల, బర్మాలో.

 కానీ ఆ స్ట్రిప్ థాయిలాండ్‌దండి అంది బిందు. అతను అక్కడి సంగతి చెప్పాడు. ఆ గోడల లోపల అన్నీ ఏటికి ఇవతల, థాయిలాండ్ నుంచి వచ్చేవే. బియ్యం, సబ్బు, మందులు, కరెంటు, ఫోన్ సిగ్నలు. చెల్లే డబ్బు కూడా థాయిలాండ్‌దే. పడవలో పొద్దున ఎక్కించిన సరుకు పది నిమిషాల్లో అవతల దుకాణంలో ఉంటుందట. నాకు అక్కడే కూర్చుని మా ముందుగది గుర్తొచ్చింది. కువైట్ నెంబరున్న స్ట్రిప్పులు రాజోలులో చేతులు మారడం మేం రోజూ చూస్తూనే ఉన్నాం. చూస్తూ కూడా, మందు ఎక్కడ ఉంటే మనిషి అక్కడ ఉన్నాడనుకున్నాం. బిందు కూడా అదే తలుచుకున్నట్టుంది, తల వంచేసింది.

తరవాత ఆమె నెలల తరబడి మోసిన ప్రశ్న అడిగింది.

"ఆయనకి జ్వరం ఎప్పుడు తగ్గిందండీ?"

గోపీకృష్ణ వాళ్ల నాన్నవైపు చూశాడు. చెప్పాలా వద్దా అన్నట్టు ఉంది అతని వాలకం.

"జ్వరం రాలేదండి అన్నయ్యకి. మా మెసేజిలన్నీ వాళ్లు చదివి పంపించేవోరు. ఊరి పేరు రాస్తే కరెంటు పెట్టేవోరండి. మందు ఫొటో అయితే అనుమానం రాదని జ్వరమని చెప్పి ఫోన్ అడిగేడు. ఆ బిళ్లలు అక్కడి కొట్లో ఇచ్చినవే. ఆ అక్షరాలు థాయిలాండ్‌వో బర్మావో మాకేం తెలుసండీ. మా ఆవిడ నెంబరు చూసిందంటే దేశం చెప్పేస్తది, ఇంక మనకి భయం లేదురా అన్నాడండి."

 గోపీకృష్ణ వాళ్లమ్మగారు మంచినీళ్లు తెచ్చి ఇస్తే బిందు గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను అడిగాను, మరి నిన్ను వదిలినప్పుడు అతన్నెందుకు వదల్లేదు అని. ఆ సంగతి వాళ్ల నాన్న మొదలుపెట్టాడు. కొడుకు ఎక్కడున్నాడో తమకేం తెలియదట. తెలియదు కాబట్టి పేపర్లో కనిపించిన అన్ని దేశాల కార్యాలయాలకీ ఒకే కాగితం పంపించాడట. తెలియనివాడు ఉన్న తలుపులన్నీ కొట్టాడు. మా బిందుకి తెలుసు, అందుకని ఒక్క తలుపే కొట్టింది. దీన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. దేవుడు ఎదురుపడితే అడగాల్సిన మాటల్లో ఇదొకటి.

మిగతాది గోపీకృష్ణ చెప్పాడు. ఒకరోజు తుపాకులు పట్టుకున్నవాళ్లు వచ్చి గేటు తెరిపించి అందర్నీ ఎండలో వరసగా నిలబెట్టారు. బర్మాలో మన కార్యాలయానికి అందిన ఫిర్యాదుల్లో ఉన్న పేర్లు చదివారు. పేరు వచ్చినవాళ్లు ఇటు, రానివాళ్లు లోపలికి. ఎలీషా ఉతికిన చొక్కా వేసుకుని, వాళ్లు పిలవకముందే ఒక అడుగు ముందుకేసి నిలబడ్డాడట. చివరిదాకా అతని పేరు రాలేదు.

"ఏమన్నారండీ మీతో?" అని బిందు అడిగింది.

"నా పేరు రెండో లిస్టులో ఉంటది, నువ్వెళ్లు అన్నాడండి. బిందు పంపకుండా ఉండదు అన్నాడు." అతను తన ఎడమచేతి వేళ్లు నిమురుకున్నాడు. "రెండో లిస్టు వచ్చేలోపే ఆ బిల్డింగు ఖాళీ చేసేసేరంట. మిగిలినోళ్లని లారీల్లో ఎక్కించి ఎక్కడికో అమ్మేసేరని విన్నామండి."

ఆటోలో రాజోలు తిరిగొచ్చాం.  దిగాక బిందు షాపు తీసింది. ఎవరో దగ్గు మందు అడిగితే ఇచ్చింది. తరవాత రెండో ఫిర్యాదు తీసి పంపించింది. దానికి జవాబు వెంటనే వచ్చింది, మర్యాదగానే వచ్చింది. ఆ చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది, అక్కడినుంచి తరలించినవాళ్లు ఏ దేశంలో ఉన్నారో సమాచారం లేదు, తెలిస్తే తెలియజేస్తాం. అప్పుడే పంపి ఉంటే ఏమయ్యేదో ఆ జవాబులో లేదు. ఉండాల్సిన పని లేదు, ఆ పిల్లకి తెలుసు.

"నేను చదివింది తప్పు కాదు బాబాయిగారూ. అది థాయిలాండ్‌లో చేసిందే" అంది నాతో. ఆ మాట ఇంకో రెండుసార్లు అంది. ఎవరో కాదన్నట్టు, వాళ్లకి సమాధానం చెబుతున్నట్టు. నేను ఆయ్, నిజమే అన్నాను, అంతకంటే ఏమనగలను.

అమ్మాజీకి గోపీకృష్ణ వచ్చిన సంగతి ఎవరో చెప్పేశారు. కర్ర పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ ఆవిడే షాపుకి వచ్చింది. నేను లేచి నా కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. కౌంటరు మీద చెయ్యి ఆన్చి కోడలి మొహంలోకి చూసింది.

"థాయిలాండ్ అన్నావు కదే. ఇప్పుడు ఏ దేశంలో ఉన్నాడంట?"

 ఏ స్ట్రిప్ చేతికిచ్చినా తడుముకోకుండా దేశం పేరు చెప్పిన పిల్ల. "తెలీదత్తయ్యా" అంది.